మిల్లు చీటీ నుంచి ఇంగ్లీషు కాంట్రాక్టు దాకా: తేమ, నూక, గ్రేడ్ ఎలా రాయాలి

ఎగుమతి బియ్యం బేరం చాలాసార్లు ఒక చిన్న చీటీతోనో, ఫోనులో వచ్చిన రెండు పంక్తుల సందేశంతోనో మొదలవుతుంది. కాకినాడ రేవుకు పంపే ఉప్పుడు బియ్యానికి మిల్లు నుంచి వచ్చే చీటీలో సాధారణంగా ఇంతే ఉంటుంది: "బాయిల్డ్, గ్రేడ్ ఏ, తేమ 14, నూక 5, రంగు 1, సార్టెక్స్, 500 టన్నులు." మిల్లరుకూ బ్రోకరుకూ ఇది చాలు. ఎంత పొడవున్న ముక్కను నూక అనాలో, తేమ దేనితో చూడాలో, ఒక పాయింటు పెరిగితే ధరలో ఎంత కోయాలో ఇద్దరికీ అలవాటే. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

ఇదే చీటీని మాటకు మాటగా ఇంగ్లీషులో పెడితే ఆ అలవాటంతా బయటే ఉండిపోతుంది. అవతలి దేశంలో కొనేవారు ఆ ఖాళీలను తమ అలవాటుతో నింపుకుంటారు. వారు నిన్నటిదాకా థాయ్ బియ్యం కొన్నవారైతే థాయ్ లెక్కతో చదువుతారు. ఓడ ఎక్కిన తర్వాత ఈ తేడా బయటపడితే నష్టం అమ్మినవారిదే. అందుకే పైన చెప్పిన చీటీనే తీసుకుని, ఒక్కో అంకెను కాంట్రాక్టు వాక్యంగా మారుద్దాం. లెక్కలు తేలికగా ఉండడానికి ధర టన్నుకు 360 డాలర్లు అనుకుందాం. ఇది ఉదాహరణ ధర మాత్రమే.

1. ముందు చీటీని తెలుగులోనే పూర్తి చేయండి

ఇంగ్లీషు జోలికి వెళ్లకముందే మిల్లరుకు ఫోను చేయండి. ప్రతి అంకెకూ తెలుసుకోవలసినవి నాలుగు ఉన్నాయి. ఈ శాతం బరువు మీదా, గింజల లెక్క మీదా? ఎలా కొలిచారు? ఎక్కడ, ఏ సమయంలో కొలిచిన అంకె చెల్లుతుంది? అంకె దాటితే ఏం జరుగుతుంది? ఇవి తెలియకుండా రాసిన వాక్యం ఎంత చక్కటి ఇంగ్లీషులో ఉన్నా సగం వాక్యమే.

వీటన్నిటికంటే ముందు అడగవలసింది, ఆ అంకె హద్దా, సగటా అన్నది. ఆ సంభాషణ దాదాపు ఇలా సాగుతుంది.

"నూక ఐదు అంటే ఐదు దాటదనేనా అండీ?"

"ఐదు దగ్గర్లో ఉంటుందండీ. ఒక లారీ నాలుగున్నర వస్తుంది, ఇంకో లారీ ఐదున్నర వస్తుంది."

ఆయన చెప్పింది నిజమే, కానీ అది సగటు. కాంట్రాక్టులో మీరు రాయబోయేది గరిష్ఠం. లారీల మధ్య అంత తేడా ఉన్న సరుకు సగటు సరిగ్గా 5 దగ్గర ఉంటే, మొత్తం సరుకు నమూనా పరీక్షలో 5 దాటే అవకాశం దాటకపోయే అవకాశంతో సమానం. కాబట్టి మిల్లరుతో అక్కడే తేల్చుకోవాలి: కాంట్రాక్టులో 5 అని రాస్తాం కాబట్టి మిల్లులో నూకను వేరుచేసే గ్రేడరు యంత్రాన్ని 4.2కో 4.3కో సరిచేసుకోవాలి. అది కుదరదని ఆయన అంటే, కొనేవారితో మరో అంకె మాట్లాడుకోవాలి. ఈ పని అనువాదకుడిది కాదని కొందరు అంటారు. నా దృష్టిలో మాత్రం అంకె అర్థం తెలియకుండా దాన్ని ఇంకో భాషలోకి మార్చడం కుదరని పని.

2. సరుకు పేరు, గ్రేడ్

చీటీలో మొదటి మాట 'బాయిల్డ్'. మన మిల్లుల్లో దీనికి ఉప్పుడు బియ్యం అని తప్ప మరో అర్థం లేదు. ఇంగ్లీషులో దాన్ని అలాగే రాస్తే వండిన అన్నం అవుతుంది. రాయవలసిన మాట కింద ఉంది. 'సార్టెక్స్' అన్నది యంత్రం బ్రాండు పేరు కాబట్టి, దాని బదులు రంగును బట్టి ఏరిన బియ్యమని చెప్పే మాట వాడాలి.

```
Indian long grain parboiled rice, IR 64 type,
5% broken max, well milled, colour sorted.
```

రకం పేరు పక్కన type అన్న చిన్న పదం ఎందుకంటే, ఎగుమతి వ్యాపారంలో ఐఆర్ 64 అనేది ఒక వంగడం పేరుగా కంటే ఒక తరహా గింజ పేరుగానే నడుస్తుంది. ఆ పేరుతో వెళ్లే బియ్యంలో ఎంటీయూ 1010 లాంటివీ ఉంటాయి. వంగడం పేరును సూటిగా రాసేస్తే, ఆ వంగడం తప్ప మరొకటి కలవదని మీరు హామీ ఇచ్చినట్టే.

ఇక అసలు చిక్కు 'గ్రేడ్ ఏ' దగ్గర ఉంది. మన దేశంలో ప్రభుత్వ సేకరణ లెక్కలో ధాన్యాన్ని గ్రేడ్ ఏ, సాధారణ రకం అని విడదీసేది గింజ ఆకారాన్ని బట్టి. పొడవును వెడల్పుతో భాగిస్తే 2.5 కంటే ఎక్కువ వచ్చే రకాలు గ్రేడ్ ఏ కిందికి వస్తాయి. అందులో నూక ఎంత, రంగు మారినవి ఎన్ని అన్నది ఆ పేరులో లేదు. నూక ఎక్కువగా ఉన్న గ్రేడ్ ఏ బియ్యం ఉండవచ్చు, నూకే లేని సాధారణ రకమూ ఉండవచ్చు. కొనేవారు మాత్రం ఆ మాట చదివి అన్ని విధాలా మొదటి తరగతి సరుకు అనుకుంటారు. రేపు పేచీ వస్తే, గ్రేడ్ ఏ అని రాశారు కదా, ఇది మొదటి తరగతిలా లేదు అని వాదించడానికి ఆ ఒక్క మాట చాలు. కాబట్టి కాంట్రాక్టులో గ్రేడ్ అన్న మాటే వద్దు. దాని వెనక ఉన్న కొలతను రాయండి.

ఒక గింజను దగ్గరగా చూద్దాం. నమూనాలోని పూర్తి గింజల సగటు పొడవు 6.2 మిల్లీమీటర్లు, వెడల్పు 2.2 మిల్లీమీటర్లు అనుకోండి. భాగిస్తే 2.8 వస్తుంది. మన సేకరణ లెక్కలో ఇది గ్రేడ్ ఏ. కోడెక్స్ అంతర్జాతీయ బియ్యం ప్రమాణం గింజను పొడుగుదా, మధ్యరకమా అని తేల్చడానికి మూడు పద్ధతులు ఇస్తుంది. నిష్పత్తి ఒక్కటే చూసే పద్ధతిలో మరపట్టిన బియ్యానికి 3.0 ఉంటే తప్ప పొడుగు గింజ కాదు, అంటే మన బియ్యం మధ్యరకం. పొడవు 6.0 మిల్లీమీటర్లు దాటి, నిష్పత్తి 2 కంటే ఎక్కువ ఉంటే చాలనే మరో పద్ధతిలో అదే బియ్యం పొడుగు గింజ. సరుకు ఒకటే, పేర్లు రెండు. దీనికి విరుగుడు పొడవును మిల్లీమీటర్లలో రాసేయడమే.

```
Average length of whole kernels: 6.0 mm min.
```

సగటు 6.2 ఉన్నప్పుడు 6.0 అని రాయడం వెనక ఉద్దేశం ఉంది. అరుగుదల, నమూనా తేడా, కొలత తేడా అన్నీ ఆ 0.2లో సర్దుకోవాలి.

3. నూక: ఎంత ముక్క నూక?

చీటీ మొత్తంలో ఎక్కువ డబ్బు పోయే చోటు ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. బియ్యాన్ని మరపడితే గింజలు రకరకాల పొడవుల్లో విరుగుతాయి. కొన కొద్దిగా తెగిన గింజ ఉంటుంది, సగం ముక్క ఉంటుంది, రవ్వంత చిన్న ముక్కా ఉంటుంది. వీటిలో ఎక్కడ గీత గీసి ఇక్కడి నుంచి నూక అనాలి?

భారత ఆహార సంస్థ సేకరణ నిబంధనల్లో పూర్తి గింజలో నాలుగింట మూడు వంతుల కంటే చిన్నది నూక. కోడెక్స్ కూడా నాలుగింట మూడు వంతులు, ఆపైన పొడవున్న గింజను మంచి గింజగానే లెక్కిస్తుంది. ఎగుమతి కాంట్రాక్టుల్లో మూడింట రెండు వంతుల గీత కూడా కనిపిస్తుంది. థాయ్ ప్రమాణం పూర్తి గింజను పది భాగాలు చేసి, గ్రేడును బట్టి ఆ గీతను జరుపుతుంది. అంటే 'నూక 5 శాతం' అన్న మాటకు గీత ఎక్కడుందో చెప్పకపోతే ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఉంటాయి.

ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూద్దాం. మన గింజ సగటు పొడవు 6.2 మిల్లీమీటర్లు. నాలుగింట మూడు వంతులంటే 4.65 మిల్లీమీటర్లు. మూడింట రెండు వంతులంటే సుమారు 4.13 మిల్లీమీటర్లు. నమూనా నుంచి 100 గ్రాములు తీసుకుని ముక్కల్ని పొడవును బట్టి వేరు చేశాం అనుకోండి. 4.65 మిల్లీమీటర్లు, అంతకు పైన ఉన్నవి 93.4 గ్రాములు తూగాయి. 4.13కూ 4.65కూ మధ్య ఉన్నవి 2.1 గ్రాములు. ఇంకా చిన్నవి 4.5 గ్రాములు. మూడింట రెండు వంతుల గీతతో నూక 4.5 శాతం, సరుకు హద్దు లోపలే ఉంది. నాలుగింట మూడు వంతుల గీతతో ఆ మధ్యలోని 2.1 గ్రాములు కూడా నూకే, మొత్తం 6.6 శాతం. హద్దు 5 అయితే 1.6 శాతం ఎక్కువ.

ఒక శాతం నూకకు ధరలో ఒక శాతం కోత అని ఒప్పుకుంటే, 1.6 శాతానికి టన్నుకు 5 డాలర్ల 76 సెంట్లు పోతాయి. 500 టన్నులకు 2,880 డాలర్లు. బియ్యంలో ఏమీ మారలేదు. కాంట్రాక్టులో గీత ఎక్కడుందో రాయకపోవడమే ఈ నష్టానికి కారణం.

```
Broken kernels: 5.0% max by weight.
A broken kernel is shorter than 3/4 of the average
length of whole kernels in the sample.
Small brokens and chips are included.
```

ఈ మూడు వాక్యాల్లో ప్రతిదానికీ పని ఉంది. మొదటిది హద్దునూ, బరువు లెక్కనూ చెబుతుంది. రెండోది గీతను చెబుతుంది. అందులో పూర్తి గింజ సగటు పొడవును అదే నమూనాలో కొలవాలని కూడా ఉంది. అది లేకపోతే సరుకును పరీక్షించే సర్వేయరు తన దగ్గర ఉన్న ఏదో ప్రామాణిక పొడవును పట్టుకోవచ్చు. మూడోది నలక ముక్కల గురించి. కోడెక్స్‌లో 1.4 మిల్లీమీటర్ల గుండ్రటి కన్నాల జల్లెడ నుంచి జారిపోయేదాన్ని వేరే తరగతిగా చూస్తారు. మన ఆహార సంస్థ లెక్కలో పూర్తి గింజలో ఎనిమిదో వంతుకంటే చిన్న ముక్క అసలు బియ్యమే కాదు, సేంద్రియ మలినం. మూడో వాక్యం లేకపోతే ఆ నలకలు నూకలో పడతాయా, మలినంలో పడతాయా అన్నది సర్వేయరు ఇష్టం. మలినం హద్దు ఎప్పుడూ నూక హద్దు కంటే చాలా తక్కువ కాబట్టి అక్కడ పడితే దెబ్బ పెద్దది.

మిల్లులో గీత మూడింట రెండు వంతులదని తేలితే దాన్ని దాచకండి. కొనేవారికి ముందే చెప్పి అదే భిన్నాన్ని రెండో వాక్యంలో రాయండి. వారు ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే మిల్లరు గ్రేడరు మార్చాలి, ధర కూడా మారుతుంది. సంతకానికి ముందు ఈ మాట మాట్లాడుకోవడం ఎప్పుడూ చవకే.

4. తేమ

తేమకు హద్దు 14 అన్నది మన మిల్లుల్లో బాగా స్థిరపడిన అంకె. అంతకు మించితే నిల్వలో బూజు పడుతుంది, వారాల తరబడి ఓడ అడుగున ఉన్న బస్తాలు వేడెక్కుతాయి, వాసన మారుతుంది. కోడెక్స్ హద్దు 15 అయినా, దూరం వెళ్లే సరుకుకు, వేడి రేవులకు తక్కువ తేమ మంచిదని అదే ప్రమాణం సూచిస్తుంది.

మొదటి సందేహం, దేనిలో 14 శాతం? మన మీటర్లు చూపేది తడి బియ్యం మొత్తం బరువులో నీటి వాటా. నూరు కిలోల బియ్యంలో 14 కిలోలు నీరు, 86 కిలోలు పొడి పదార్థం. నీటిని పొడి పదార్థంతో పోల్చే లెక్క ఇంకొకటి ఉంది. 14ను 86తో భాగిస్తే 16.3 శాతం వస్తుంది. బియ్యం వ్యాపారంలో తడి లెక్కే వాడుక, అయినా రెండు పదాలు అదనంగా రాసినంత మాత్రాన పోయేదేమీ లేదు.

రెండోది కొలిచే విధానం. మిల్లులో వాడే మీటరు గింజ విద్యుత్ గుణాన్ని చూసి తేమను అంచనా కడుతుంది. ఉప్పుడు బియ్యానికీ పచ్చి బియ్యానికీ సర్దుబాటు వేరు, మీటరు పచ్చి బియ్యం మీద ఉంటే ఉప్పుడు బియ్యానికి తప్పు చూపిస్తుంది. ప్రయోగశాలలో బియ్యాన్ని పొడి చేసి, 130 డిగ్రీల పొయ్యిలో ఆరబెట్టి, తగ్గిన బరువును లెక్కిస్తారు. ఐఎస్ఓ 712 చెప్పేది ఈ పద్ధతినే. మిల్లు మీటరు 13.8 చూపిన సరుకు పొయ్యిలో 14.3 వచ్చిందంటే ఎవరూ మోసం చేశారని కాదు, రెండు పద్ధతుల మధ్య తేడా అది. కాంట్రాక్టులో చెల్లే పద్ధతి ఒకటే ఉండాలి, దాన్ని పేరుతో రాయాలి.

మూడోది చిన్నగా కనిపించే దశాంశం. హద్దు 14 అని రాస్తే 14.4 వచ్చినప్పుడు అమ్మినవారు దాన్ని 14 కిందికి సవరించాలంటారు, కొన్నవారు దాటిందంటారు. 14.0 అని రాస్తే ఫలితాన్ని ఒక దశాంశం దాకా చూడాలని తేలిపోతుంది. అప్పుడు 14.1 దాటినట్టే, వాదన లేదు. నూకకు కూడా 5.0 అని రాసింది ఇందుకే.

నాలుగోది చోటు, సమయం. బియ్యం గాలిలోని తేమను పీలుస్తుంది, వదులుతుంది. మిల్లులో 13.5 ఉన్న బస్తా రేవు గోదాములో వానల్లో పది రోజులు ఉంటే అంతే ఉండదు. కాబట్టి ఎక్కడ తీసిన నమూనా చెల్లుతుందో వాక్యంలోనే ఉండాలి.

```
Moisture: 14.0% max, wet basis, by ISO 712,
on samples drawn at the time and place of loading.
```

ఇలా రాశాక మిల్లరుకు తెలుగులో చెప్పవలసింది ఒకటుంది: మీటరు మీద 14 చూసి లారీ వదలవద్దు, 13.5 దాటితే ఆపాలి. మీ మీటరుకూ ప్రయోగశాలకూ ఎంత తేడా వస్తుందో ఒకే నమూనాను రెండు చోట్లా కొలిపించి ముందే తెలుసుకుంటే ఈ అంకెను ఇంకా కచ్చితంగా చెప్పవచ్చు.

తేమకు బరువుతో కూడా లంకె ఉంది. 14 శాతం తేమతో ఎక్కించిన 500 టన్నుల్లో పొడి పదార్థం 430 టన్నులు. దారిలో తేమ 13కు తగ్గితే మొత్తం బరువు సుమారు 494 టన్నులవుతుంది. బస్తా ఒక్కటీ పోకుండానే దాదాపు 6 టన్నులు తగ్గినట్టు కాటా చూపిస్తుంది. దిగిన చోట బరువే చెల్లుతుందని ఒప్పుకున్న కాంట్రాక్టులో ఆ 6 టన్నుల డబ్బు రాదు. ఈ విషయం ఆరో మెట్టులో మళ్లీ పనికొస్తుంది.

5. 'రంగు 1' లాంటి చిన్న మాటలు

రంగు 1 అంటే రంగు మారిన గింజలు ఒక శాతం. కానీ కొందరు మిల్లర్లు పుచ్చినవి, రంగు మారినవి కలిపి ఒకటి అంటారు, కొందరు ఒక్కోటి విడిగా ఒకటి అంటారు. కలిపి అయితే హద్దు 1, విడివిడిగా అయితే మొత్తం 2 దాకా రావచ్చు. అడిగి తెలుసుకుని, విడిగా అయితే రెండు పంక్తులు, కలిపి అయితే ఒకే పంక్తి రాయండి.

```
Damaged kernels: 1.0% max by weight.
Discoloured kernels: 1.0% max by weight.
Foreign matter: 0.2% max by weight.
Paddy kernels: 5 per kg max.
Live insects: nil.
```

ఇక్కడ వడ్ల గింజల పంక్తిని గమనించండి. బియ్యంలో మిగిలిపోయిన వడ్లను బరువుతో కాకుండా కిలోకు ఎన్ని గింజలని లెక్కపెట్టడం వాడుకలో ఉంది. మిల్లరు 'వడ్లు 5' అంటే అది కిలోకు ఐదు. అలవాటు కొద్దీ పక్కన శాతం గుర్తు పెడితే కొనేవారు ఆ పంక్తి చూడగానే కాగితం పక్కన పెట్టేస్తారు.

మరో జాగ్రత్త, పచ్చి బియ్యం కాంట్రాక్టు నుంచి పంక్తులు తెచ్చి ఇక్కడ అతికించవద్దు. పొట్ట తెలుపు గింజల పంక్తి ఉప్పుడు బియ్యానికి పెద్దగా అవసరపడదు. నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు గింజలోని పిండి పదార్థం ఉడికి గట్టిపడుతుంది, ఆ తెలుపు పోతుంది. మధ్యలో ఇంకా తెల్లగా ఉందంటే ఉడకడం సరిపోలేదని అర్థం. దానికి బదులు ఉప్పుడు బియ్యంలో వచ్చే లోపం, గింజ మీద నాలుగో వంతుకు మించి పరుచుకున్న ముదురు గోధుమ లేదా నల్ల మచ్చ. కొనేవారు దాని గురించి అడిగితే రంగు మారిన గింజల్లో కలుపుతున్నారా, విడిగా చూస్తున్నారా అన్నది రాయండి.

మలినం అసలే ఉండదు అన్న హామీ మాత్రం ఎప్పుడూ రాయకండి. మిల్లరు 'రాయీ రప్పా ఏమీ ఉండదండీ' అంటారు, ఆ మాట మర్యాదకు సరిపోతుంది. కాంట్రాక్టులో అది సున్నా శాతం అవుతుంది. 500 టన్నుల్లో ఒక్క ఊక ముక్క దొరికినా మాట తప్పినట్టే. సున్నా రాయదగినది బతికి ఉన్న పురుగుల దగ్గరే. అక్కడ ప్రమాణాలు కూడా సున్నానే అడుగుతాయి.

6. హద్దు దాటితే

గరిష్ఠం అని రాసి ఊరుకుంటే, నూక 5.1 వచ్చినా మొత్తం సరుకు వద్దనే హక్కు కోసం కొనేవారు వాదించవచ్చు. మిల్లు బేరంలో కోత గురించి ఎవరూ రాసుకోరు, అదంతా మాట మీద జరిగిపోతుంది. ఇంగ్లీషులో దాన్ని తప్పనిసరిగా రాయాలి. ఎక్కడి దాకా కోత, ఎక్కడి నుంచి తిరస్కరణ అన్నది రెండు వాక్యాల్లో వచ్చేస్తుంది.

```
Broken above 5.0% up to 7.0%: price allowance of 1%
for each 1% of excess, fractions in proportion.
Above 7.0%: Buyer may reject.
```

మనం లెక్కవేసిన 6.6 శాతం సరుకు ఈ నిబంధన కింద తిరస్కరణకు గురికాదు, 2,880 డాలర్ల కోతతో ముగుస్తుంది. నిబంధన లేకపోతే అదే సరుకు పరాయి రేవులో ఆగిపోయే ప్రమాదం ఉంది.

తేమకు కోత పెట్టాలా వద్దా అన్నది బేరం. నా సలహా వద్దనే. ఎక్కువ తేమ ఉన్న బియ్యాన్ని తక్కువ ధరకు పంపినా దారిలో పాడవుతుంది, అప్పుడు అసలు గొడవ మొదలవుతుంది. తేమ దాటిన లారీని రేవులోనే వెనక్కి పంపడం ఇద్దరికీ మేలు.

'దాదాపు', 'సుమారు' అన్న మాటలను నాణ్యత అంకెల పక్కన రాయకండి. బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ అయిన లెటర్ ఆఫ్ క్రెడిట్‌కు వర్తించే యూసీపీ 600 నియమాల్లో ఆ మాటలకు పది శాతం ఎక్కువ తక్కువలన్న అర్థం ఉంది, కానీ అది పరిమాణానికి, డబ్బు మొత్తానికి, యూనిట్ ధరకు. నూక శాతానికి అలాంటి అర్థం ఎక్కడా లేదు.

చివరగా, ఎవరి మాట చెల్లుతుంది? ఎక్కించే చోట స్వతంత్ర సర్వేయరు ఇచ్చిన ధ్రువపత్రమే తుది అని రాయగలిగితే అమ్మేవారికి క్షేమం. పైన చూసిన 6 టన్నుల తరుగు భయం కూడా దీనితో పోతుంది, ఎందుకంటే బరువు కూడా అక్కడే తేలిపోతుంది.

```
Quality and weight final at loading, as certified by
an independent surveyor agreed by both parties.
Sampling as per ISO 24333.
```

నమూనా ఎలా తీయాలో చెప్పే పంక్తి వదిలేస్తే, పైవరస బస్తాల నుంచే తీశారని ఒకరు, అడుగు నుంచే తీశారని మరొకరు అంటారు. ఇంకో మాట, కాంట్రాక్టులో ఇన్ని అంకెలు రాశాక 'పంపిన శాంపిల్ ప్రకారం' అని మళ్లీ కలపకండి. మిల్లరు ఏరికోరి పంపిన అరకిలో శాంపిల్‌లో నూక 2 శాతమే ఉంటే, కొనేవారు 5ను వదిలి ఆ 2ను పట్టుకుంటారు.

7. వెనక్కి తెలుగులోకి చదవండి

రాసిన ఇంగ్లీషు నిబంధనలను పక్కన పెట్టుకుని, చీటీ చూడకుండా, మిల్లరుకు తెలుగులో చదివి వినిపించండి. "నూక గరిష్ఠం 5.0 శాతం, బరువు మీద. పూర్తి గింజలో నాలుగింట మూడు వంతుల కంటే పొట్టిది నూక. నలకలు కూడా అందులోనే. 5 దాటి 7 దాకా శాతానికి శాతం కోత. 7 దాటితే వెనక్కి." ఇలా వింటున్నప్పుడే "నలకలు కూడా కలిపా? మేము విడిగా చూస్తామండీ" అన్న మాట బయటికి వస్తుంది. ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకుంటే ఆ మాట ఎప్పటికీ రాదు. ఈ తెలుగు పాఠాన్ని ఒక పేజీగా టైపు చేసి మిల్లుకు పంపండి. లారీ నింపేవారి దగ్గర ఉండవలసింది అదే.

తర్వాత ధ్రువపత్రం సంగతి. డబ్బు లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద వస్తుంటే, బ్యాంకు బియ్యాన్ని చూడదు, కాగితాలనే చూస్తుంది. యూసీపీ 600 ప్రకారం ఇన్‌వాయిస్‌లోని సరుకు వివరణ లెటర్ ఆఫ్ క్రెడిట్‌లోని వివరణకు సరిపోవాలి. మిగిలిన కాగితాల్లోని సమాచారం అక్షరం అక్షరం ఒకేలా ఉండనక్కర్లేదు, కానీ దానితో విభేదించకూడదు. కాబట్టి రెండో మెట్టులో రాసిన సరుకు పేరును కాంట్రాక్టు, లెటర్ ఆఫ్ క్రెడిట్, ఇన్‌వాయిస్ మూడింటిలోనూ ఒకేలా టైపు చేయించండి. సర్వేయరుకు పని అప్పగించేటప్పుడే నూక నిర్వచనాన్ని, తేమ పద్ధతిని రాసి పంపి, ధ్రువపత్రంలో ఫలితం పక్కన అవి కూడా ఉండాలని అడగండి.

```
Broken kernels (3/4 basis): 4.6%
Moisture (ISO 712): 13.4%
```

ఫలితం పక్కన ఆ గుర్తులు లేకుండా ఉత్త 4.6 అని వస్తే, దిగిన చోట మరో సర్వేయరు ఇంకా కఠినమైన గీతతో కొలిచి 6.6 అన్నప్పుడు మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

లోడింగ్ రోజున తీసిన నమూనాను మూడు భాగాలు చేసి, సర్వేయరు సీలు వేయించి, అమ్మేవారికొకటి, కొనేవారికొకటి, సర్వేయరు దగ్గరొకటి ఉంచమని కాంట్రాక్టులోనే రాయించుకోండి. తేమ ఫలితం మీద తగాదా రావచ్చనుకుంటే గాలి చొరబడని డబ్బాలో పెట్టించాలి, గుడ్డ సంచిలో ఉంచిన నమూనా తేమ పరీక్షకు పనికిరాదు. డబ్బా మీద కాంట్రాక్టు నంబరు, ఓడ పేరు, నమూనా తీసిన తేదీ ఉండాలి. సరుకు దిగి డబ్బు పూర్తిగా చేతికొచ్చేదాకా ఆ డబ్బాను తెరవకండి.